బొమ్మలో అంకె, చీటీలో పేరు

చేతిపంపు పిడి పైకీ కిందికీ ఆడాలి గానీ పక్కలకి ఊగకూడదు. ఊగుతోందంటే లోపల బేరింగులు అరిగాయన్నమాట. ఆ సంగతి బోరింగు మేస్త్రికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందరి మూత బోల్టు విప్పి, లోపలికి ఒకసారి తొంగిచూసి, కావలసిన సామాను చీటీ మీద రాసి మనిషిని టౌనుకి పంపుతాడు. చిక్కు అక్కడ మొదలవుతుంది. చీటీలో ఉన్నది మేస్త్రి నోటిమాట. కొట్లో అరల మీద ఉన్నది కంపెనీ నంబరు. ఈ రెంటికీ మధ్య వంతెన వేయవలసిన కాగితం ఒకటుంది. అదే విడిభాగాల బొమ్మ, దాని పక్కనే ఉండే జాబితా.

ఆ కాగితాన్ని తెలుగు చేయడం నా వృత్తిలో ఒక భాగం. చూడ్డానికి ఇంతకంటే తేలిక పని ఉండదు. వాక్యాలు లేవు, వర్ణనలు లేవు, ఉన్నవల్లా పేర్లే. కానీ వాక్యంలో ఒక మాట తప్పుపడితే పక్కమాటలు ఆదుకుంటాయి. జాబితాలో తప్పు పడితే ఆదుకునేవాళ్లు ఉండరు. చీటీ పట్టుకుని వెళ్లిన మనిషి ముప్పై కిలోమీటర్లు పోయి వేరే ముక్క తెస్తాడు. ఊళ్లో బిందెలు అలాగే వరసలో ఉంటాయి.

ఇంగ్లిషులో ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ అంటారు ఈ బొమ్మని. ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో నేను నిఘంటువు చూసి "విస్ఫోటన దృశ్యం" అని రాశాను. చదివిన మేస్త్రి ఒకాయన, "పంపు పేలుతుందా ఏంటి సార్?" అన్నాడు. పేలడం కాదు. బిగించి ఉన్న యంత్రంలోని ముక్కల్ని ఒకదాని వెనక ఒకటి, అవి ఎక్కే వరసలోనే, ఎడంగా జరిపి గీసిన బొమ్మ అది. ఇరుసు ఇక్కడ, అది దూరే బేరింగు అక్కడ, మధ్యలో రెండింటినీ కలుపుతూ సన్నటి గీత. ముక్కలు గాల్లో తేలుతున్నట్టు ఉంటాయి గానీ ఏది దేనిలోకి వెళ్తుందో చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుంది. ఇప్పుడు నేను "విడదీసిన బొమ్మ" అని రాస్తున్నాను. అర్థం కాలేదన్నవాళ్లు ఇంతవరకూ తగల్లేదు.

ప్రతి ముక్క నుంచీ ఒక సన్నగీత బయటికి వచ్చి, గుండ్రంగా చుట్టిన ఒక అంకె దగ్గర ఆగుతుంది. ఆ అంకెని పట్టుకుని పక్కన జాబితాలోకి వెళ్తే ముక్క పేరు, కంపెనీ ఇచ్చిన పార్టు నంబరు, యంత్రంలో అలాంటివి ఎన్ని ఉన్నాయో తెలిపే లెక్క ఉంటాయి. ఇక్కడ రెండు నంబర్లున్నాయని గమనించాలి. బొమ్మలోని అంకె ఆ పేజీకి మాత్రమే చెల్లుతుంది. అది ఇంటి వాకిట్లో వేసిన గుర్తు లాంటిది, వీధి మారితే దానికి విలువ లేదు. పార్టు నంబరు మాత్రం ఏ పేజీలో ఉన్నా, ఏ కొట్లో అడిగినా అదే వస్తువు. జాబితా తలకట్టులో రెంటినీ "నం." అని రాసేస్తే చదివేవాడు ఒకదాని బదులు ఇంకొకటి చెబుతాడు. అందుకే మొదటి నిలువు వరసకి "బొమ్మలో అంకె" అనీ, రెండోదానికి "పార్టు నంబరు" అనీ, చివరిదానికి "ఎన్ని" అనీ పెడతాను.

చేతిపంపునే ఎందుకు తీసుకున్నానంటే

మన ఊళ్లలో బోరింగు అంటే ఎక్కువచోట్ల ఇండియా మార్క్ 2 పంపే. 1970లలో యునిసెఫ్ తోడ్పాటుతో, అప్పటికే వాడకంలో ఉన్న షోలాపూర్ పంపుని ఆధారం చేసుకుని దీన్ని రూపొందించారు. తర్వాత దీనికి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 9301 వచ్చింది, ఆ పైన ఐ.ఎస్. 15500 వచ్చింది. కొలతలన్నీ ప్రమాణంలో ఉన్నాయి కాబట్టి ఏ కంపెనీ చేసిన ముక్కైనా ఇంకో కంపెనీ పంపులో పట్టాలి. కాబట్టి ఒకే ముక్కకి పది కంపెనీల నంబర్లు ఉండొచ్చు గానీ, పేరు ఒక్కటే ఉంటే అందరికీ పనికొస్తుంది. ఆ పేరు సరిగ్గా కుదిర్చే బాధ్యత తెలుగు చేసేవాడిది.

ఇందులో ఒక చిన్న ఉచ్చు కూడా ఉంది. జాబితాలో కొన్ని వరసల పక్కన "ఐ.ఎస్." అంటూ ఒక నంబరు కనబడుతుంది. అది ఆ ముక్క నంబరు కాదు, అది పాటించవలసిన ప్రమాణం నంబరు. దాన్ని పార్టు నంబరు వరసలోకి జరిపేస్తే కొట్టువాడు వెతుకుతూనే ఉంటాడు.

మాటని కాదు, ముక్కని చూడాలి

పంపు సిలిండరు భూమిలో ఎంతో లోతున ఉంటుంది. అందులో పైకీ కిందికీ ఆడేది ప్లంజరు. దాని విడదీసిన బొమ్మలో ఇంగ్లిషు పేర్లు వరసగా ఇలా వస్తాయి: యోక్, అప్పర్ వాల్వ్, రబ్బర్ సీటింగ్, బకెట్, స్పేసర్, ఫాలోవర్. జాబితా ఒక్కటే ముందుపెట్టుకుని, బొమ్మ చూడకుండా తెలుగు చేస్తే ఏమవుతుందో ఊహించండి. కాడి, పై వాల్వు, రబ్బరు కూర్చునే చోటు, బాల్చీ, ఖాళీ ఉంచేది, అనుచరుడు. నవ్వు వస్తుంది గానీ, ఇలాంటి జాబితాలు అచ్చయి పంపులతో పాటు పెట్టెల్లో వచ్చిన రోజులు నాకు తెలుసు.

ఒక్కో ముక్కా ఏం చేస్తుందో చూస్తే పేరు దానంతట అదే దొరుకుతుంది. ఇక్కడ బకెట్ అంటే గిన్నె ఆకారంలో ఉన్న వాషరు. పాత ఎత్తుడు పంపుల్లో నీటిని ఎత్తే పిస్టన్‌నే ఇంగ్లిషువాళ్లు బకెట్ అనేవాళ్లు, ఆ మాట ఈ వాషరుకి అంటుకుంది. దీని అంచు సిలిండరు లోపలి ఇత్తడి గోడని ఒరుసుకుంటూ నీటిని పైకి లాగుతుంది. ఇది అరిగితే ఎంత కొట్టినా నీళ్లు సన్నగా వస్తాయి. మేస్త్రులు దీన్ని బకెట్ వాషరు అనో, తోలు వాషరు అనో అంటారు. ఒకప్పుడు తోలుతో చేసేవాళ్లు, ఇప్పుడు నైట్రైల్ రబ్బరుతో చేస్తున్నారు, కానీ తోలు పోయినా మాట పోలేదు. జాబితాలో "తోలు వాషరు" అని రాస్తే వస్తువు రబ్బరుది, పేరు తోలుది అవుతుంది. కొత్తగా చేరిన కుర్రాడు తోలు కోసం వెతుకుతాడు. కాబట్టి "బకెట్ వాషరు" అని రాసి, వాడుక పేరు కోసం ఇంకో నిలువు వరస పెట్టి అందులో "తోలు వాషరు" చేర్చాను.

యోక్ అనేది పై వాల్వు లోపల ఆడేలా చుట్టూ కిటికీలున్న గూడు. "వాల్వు గూడు" అన్నాను. ఫాలోవర్ అనేది కింది నుంచి మరలతో గూడులోకి ఎక్కి, వాషర్లని నొక్కి పట్టే ముక్క. దీనికి మంచి తెలుగు మాట దొరకలేదు. "ఫాలోవరు" అనే ఉంచి, పక్కన "వాషర్లను కింది నుంచి బిగించేది" అని రాశాను. పేరు తెలుగైనా ఇంగ్లిషైనా ఫరవాలేదు, మేస్త్రి దాన్ని పలకగలగాలి, విన్నవాడికి ముక్క కళ్లముందు మెదలాలి. బేరింగు, నట్టు, బోల్టు, వాల్వు వాళ్ల నోళ్లలో ఎన్నడో తెలుగైపోయాయి, వాటి జోలికి పోను. గొలుసు, పిడి, మూత, ఇరుసు అనే మాటలు ఇంకా సజీవంగా ఉన్నాయి, వాటిని వదులుకోను. ఎడ్లబండి తెలిసిన ఊళ్లో ఇరుసు అంటే ఎవరికీ వివరించనక్కర్లేదు.

అసలు కష్టం స్పేసరుతో వచ్చింది. ఆ మాట ఈ పంపు జాబితాలో రెండుచోట్ల ఉంటుంది. పిడిలో రెండు బేరింగుల మధ్య ఎడం ఉంచే చిన్న గొట్టం ఒకటి. సిలిండరులో రెండు బకెట్ వాషర్ల మధ్య పెట్టే రింగు ఇంకొకటి. ఇంగ్లిషువాడికి బొమ్మ ఎదురుగా ఉంది కాబట్టి ఒకటే పేరు సరిపోయింది. మన చీటీ మాత్రం బొమ్మని వదిలేసి టౌనుకి వెళ్తుంది. అందులో "స్పేసరు – 1" అని ఉంటే కొట్టువాడు ఏది ఇవ్వాలి? అందుకే ఒకదాన్ని "బేరింగుల మధ్య గొట్టం" అనీ, రెండోదాన్ని "వాషర్ల మధ్య రింగు" అనీ విడగొట్టాను. ఒక ముక్కకి ఒకటే పేరు, ఒక పేరుకి ఒకటే ముక్క. ఇంగ్లిషులో ఆ నియమం తప్పినా తెలుగులో తప్పకూడదు.

మూడు సాక్ష్యాలూ కుదిరాయి, ఆరు పేర్లూ తప్పే

ఇప్పుడు నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. పిడి భాగం బొమ్మలో ఆరు ముక్కలున్నాయి అనుకోండి. అంకెలు ఇక్కడి సౌకర్యం కోసం వేశాను గానీ ముక్కలూ లెక్కా పంపువే.

| బొమ్మలో అంకె | పేరు | ఎన్ని |
|---|---|---|
| 1 | పిడి | 1 |
| 2 | బేరింగు | 2 |
| 3 | బేరింగుల మధ్య గొట్టం | 1 |
| 4 | ఇరుసు | 1 |
| 5 | ఇరుసు నట్టు | 2 |
| 6 | గొలుసు | 1 |

ఇరుసు నట్లు రెండెందుకంటే, ఒకటి బిగించడానికి, రెండోది మొదటిది వదులు కాకుండా పట్టి ఉంచడానికి.

పుస్తకం చివర పేర్లని అకారాది వరసలో కూడా ఇవ్వమన్నారు. కంప్యూటరులో పట్టికని వరసపెట్టేటప్పుడు నేను పేర్ల నిలువు వరసని మాత్రమే ఎంచుకున్నాను. పక్క వరసల్ని కూడా కలుపుకోవాలా అని అది అడిగింది. తొందరలో వద్దన్నాను. పేర్లు కదిలాయి, అంకెలూ లెక్కలూ ఉన్నచోటే ఉండిపోయాయి. చివరికి ఇలా తయారైంది:

| బొమ్మలో అంకె | పేరు | ఎన్ని |
|---|---|---|
| 1 | ఇరుసు | 1 |
| 2 | ఇరుసు నట్టు | 2 |
| 3 | గొలుసు | 1 |
| 4 | పిడి | 1 |
| 5 | బేరింగు | 2 |
| 6 | బేరింగుల మధ్య గొట్టం | 1 |

నా అలవాటు ప్రకారం పరీక్షలు చేశాను. బొమ్మలో ఆరు అంకెలు, జాబితాలో ఆరు వరసలు, సరిపోయింది. మొత్తం ముక్కలు ఎనిమిది, సరిపోయింది. ఏది ఎన్ని అన్న లెక్క చూశాను. ఇరుసు ఒకటి, నట్లు రెండు, గొలుసు ఒకటి, పిడి ఒకటి, బేరింగులు రెండు, గొట్టం ఒకటి. అదీ సరిపోయింది. ఇంకేం కావాలి? పేర్లన్నీ మంచి తెలుగులో, అక్షరదోషం లేకుండా, నిజంగా పంపులో ఉన్న ముక్కలవే. అయినా ఆరింటికి ఆరూ తప్పు.

రెండు ఉండే ముక్కలు రెండు కావడం, అవి వరస మారినా రెండో చోటా ఐదో చోటా వచ్చి కూర్చోవడం, ఇవి యాదృచ్ఛికం. కానీ ఇలాంటి యాదృచ్ఛికం నమ్మకం కలిగిస్తుంది, అదే దాని ప్రమాదం. నన్ను కాపాడింది పార్టు నంబర్ల వరస. రెండో వరసలో "ఇరుసు నట్టు" పక్కన 6204 అని ఉంది. ఆ అంకె తెలిసినవాడెవడూ దాన్ని నట్టు అనడు.

6204 అనేది ఒక కంపెనీ ఇష్టం వచ్చినట్టు పెట్టుకున్న నంబరు కాదు. ఏ దేశంలోనైనా ఆ పేరుగల బాల్ బేరింగు ఒకే కొలతలతో ఉంటుంది. లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు, బయటి అడ్డకొలత 47, మందం 14. చివరి రెండంకెల్ని ఐదుతో గుణిస్తే రంధ్రం కొలత వస్తుంది: 04 × 5 = 20. అంటే పార్టు నంబరు కొన్నిచోట్ల పేరు కంటే ఎక్కువ చెబుతుంది. అలాంటి నంబర్లని గుర్తుపట్టడం నేర్చుకుంటే జాబితా తనలోని తప్పు తనే చూపెడుతుంది. ఎంచి చూడకుండా లెక్కలు మాత్రమే కలిపి చూసుకుంటే చూపెట్టదు.

ఆనాటి నుంచి పేర్ల వరసని ఒంటరిగా ముట్టుకోను. అకారాది కావాలంటే మొత్తం పట్టికకి నకలు తీసి, వరసలన్నీ కలిపి ఎంచుకుని, అప్పుడు వరసపెడతాను. అయ్యాక పైనుంచి ఒకటి, మధ్య నుంచి ఒకటి, చివర నుంచి ఒకటి తీసి బొమ్మలో వేలు పెట్టి చూస్తాను.

నంబరుని ముట్టుకోకూడదు, అయినా అది మారిపోతుంది

పార్టు నంబరుని తెలుగు చేయకూడదు. తెలుగు అంకెల్లో రాయకూడదు. అందులోని ఇంగ్లిషు అక్షరాల్ని తెలుగు లిపిలోకి మార్చకూడదు. ముక్క మీద ఎలా చెక్కి ఉందో, పెట్టె మీద ఎలా అచ్చయిందో అలాగే ఉండాలి. బేరింగు మీద 6204-2RS అని ఉంటే గీత తర్వాతవి అలంకారం కావు. రెండు పక్కలా రబ్బరు మూతలున్న బేరింగు అని వాటి అర్థం. వాటిని వదిలేసి 6204 అని రాస్తే కొలత సరిపోయిన తెరిచిన బేరింగు రావచ్చు, వాన నీళ్లూ దుమ్మూ దానిలోకి తిన్నగా పోతాయి. బోల్టు పక్కన M12×20 అంటే మరల అడ్డకొలత 12 మిల్లీమీటర్లు, పొడవు 20. ఇందులో ఒక్క అంకె జారినా బోల్టు ఎక్కదు.

మనం ముట్టుకోకపోయినా కంప్యూటరు ముట్టుకుంటుంది. పట్టికల సాఫ్ట్‌వేరులో 00417 అని కొడితే ముందున్న సున్నాలు అక్కర్లేదనుకుని 417 చేస్తుంది. 10-12 అంటే తారీకు అనుకుంటుంది. 3E5 అని ఉంటే దాన్ని పెద్ద సంఖ్యగా లెక్కగట్టి 3.00E+05 అని చూపిస్తుంది. శాస్త్రవేత్తలకి కూడా ఈ బాధ తప్పలేదు. పట్టికల్లో తారీకులుగా మారిపోతున్నాయని కొన్ని మానవ జన్యువుల పేర్లనే 2020లో మార్చుకోవలసి వచ్చింది. మనం అంత దూరం పోనక్కర్లేదు. నంబర్లు అతికించక ముందే ఆ నిలువు వరస మొత్తాన్ని "టెక్స్ట్"గా పెట్టుకుంటే చాలు. అతికించాక పెడితే లాభం లేదు, పోయిన సున్నాలు తిరిగి రావు.

తర్వాతి ప్రమాదం డీటీపీ గదిలో. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాల చోటనే తెలుగు అక్షరాల ముక్కలు కూర్చుని ఉంటాయి. పేజీ అంతా ఎంచుకుని ఫాంటు మార్చేస్తే పార్టు నంబరులోని ఇంగ్లిషు అక్షరాలు అర్థం లేని గుణింతాలైపోతాయి. వాటిని చూసి ఎవరో ఒకరు అచ్చుతప్పు అనుకుని "దిద్దుతారు" కూడా. అందుకే నంబర్ల వరసకి ఫాంటు వేరుగా ఉంచమని ముందే రాసి ఇస్తాను.

బొమ్మలో ఉన్న గుర్తులకీ ఇదే లెక్క. పెద్దది చేసి చూపిన భాగానికి బొమ్మలో A అని గుర్తు ఉండి, జాబితాలో "అ చూడండి" అని రాశామా, బొమ్మలో అ ఎక్కడా ఉండదు. మార్చితే రెండుచోట్లా మార్చాలి, లేదా రెండుచోట్లా ఉన్నదున్నట్టు ఉంచాలి.

ఇక తెలుగు లిపికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇంగ్లిషు అక్షరాలకి సరిపోయేలా గీసిన గడిలో తెలుగు పేరు పెడితే అడుగున ఒత్తులు తెగిపోతాయి. "బోల్టు" కింద ట వత్తు తెగితే మిగిలేది "బోలు". "వాల్వు" కింద వ వత్తు పోతే "వాలు". రెండూ నిజమైన తెలుగు మాటలే కాబట్టి అక్షరదోషాలు వెతికే సాధనం కూడా వాటిని పట్టుకోదు, పట్టుకున్నా తెగింది ముద్రణలోనే గనక ఫైలులో అంతా సవ్యంగానే కనబడుతుంది. గడి ఎత్తు పెంచడం తప్ప వేరే మందు లేదు. అచ్చుకి వెళ్లే ముందు కాగితం మీద ఒక ప్రతి తీసి, ప్రతి గడి అడుగునా చూడాలి.

గోనెసంచి పరీక్ష

ఇంత చేశాక కూడా నేను జాబితాని నమ్మను. ఒక మేస్త్రి దగ్గరికి వెళ్తాను. విప్పిన పంపు ముక్కల్ని గోనెసంచి మీద పరుస్తాం. నేను బొమ్మని మడిచి దాచేసి, తెలుగు పేర్లు మాత్రం ఒక్కోటీ చదువుతాను. ఆయన ఆ ముక్క తీసి నా చేతిలో పెట్టాలి. తర్వాత తిరగేస్తాం. ఆయన ముక్క ఎత్తి చూపుతాడు, నేను బొమ్మలో దాని అంకె వెతికి జాబితా చూస్తాను. రెండు దారుల్లోనూ ఒకచోటికే చేరితే ఆ వరస సరైనది.

చేయి సందేహించిన ప్రతిచోటా పేరులో లోపం ఉన్నట్టే. "రబ్బరు సీటు" అన్నప్పుడు ఆయన రెండు రబ్బరు బిళ్లలు ఎత్తి, "పై వాల్వుదా, అడుగు వాల్వుదా?" అని అడిగాడు. స్పేసరుని విడగొట్టిన నేనే దీన్ని వదిలేశాను. ఆ పూటే "పై వాల్వు రబ్బరు", "అడుగు వాల్వు రబ్బరు" అని మార్చాను. పైపుల దగ్గర ఇంకో సంగతి తేలింది. 32 మిల్లీమీటర్ల పైపులూ, వాటి లోపలి రాడ్లూ ఒక్కోటి 3 మీటర్లు ఉంటాయి. 30 మీటర్ల లోతుకి దింపాలంటే పది కావాలి, ఇంకో ఊళ్లో పన్నెండు కావచ్చు. ఇంగ్లిషు జాబితాలో "ఎన్ని" దగ్గర రెండు పొడి అక్షరాలు ఉన్నాయి, అవసరాన్ని బట్టి అని వాటి అర్థం. నేను "అవసరం మేరకు" అని రాశాను. మేస్త్రి చదివి, "ఎవరి అవసరం సార్?" అన్నాడు. "బోరు లోతును బట్టి" అని దిద్దాను.

పుస్తకం అచ్చయింది. కొన్నాళ్లకి అదే మేస్త్రి ఫోను చేశాడు. జాబితా బాగుందనీ, ఇప్పుడు పేర్లు కూడా రాయకుండా అంకెలతోనే చీటీ పంపుతున్నాననీ చెప్పాడు. సంతోషించేలోపలే అసలు మాట అన్నాడు. "5వ నంబరు – 2" అని చీటీ రాశాడట. ఆయనకి కావలసినవి బకెట్ వాషర్లు. వచ్చినవి ఇరుసు నట్లు.

పుస్తకం తెరిచి చూసుకున్నాను. పిడి బొమ్మలో 5 అంటే ఇరుసు నట్టు, రెండు. ప్లంజరు బొమ్మలో 5 అంటే బకెట్ వాషరు, అవీ రెండే. మేస్త్రి తప్పు రాయలేదు, కొట్టువాడు తప్పు ఇవ్వలేదు. బొమ్మలో అంకె ఆ పేజీకే చెల్లుతుందని తెలిసి కూడా, ఏ పేజీదో జాబితాలో ప్రతి వరసకీ చెప్పనిది నేనే. మలి ముద్రణలో పిడి బొమ్మ అంకెలు 2-1 నుంచి 2-6 దాకా, ప్లంజరు బొమ్మ అంకెలు 4-1 నుంచి 4-7 దాకా మార్చాం. బొమ్మలో చుట్టిన గుండ్రాల్లోనూ అలాగే రాయించాం, పక్కన జాబితాలోనూ అలాగే. మేస్త్రి మరుసటి చీటీలో "4-5, బకెట్ వాషరు, 2" అని రాసి, కింద పార్టు నంబరు కూడా ఎక్కించాడట. మూడూ ఎందుకని అడిగాను.

"ఒకటి తప్పితే ఇంకోటి పట్టిస్తది కదా సార్," అన్నాడు.